వేసవి వేలు, చలికాలపు వేలు, ఒకే ఉంగరం

మా మదరసాలో ఏడవ తరగతి చదివే ఒక విద్యార్థి ఇటీవల మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "హజ్రత్! వేడికి లోహం సాగుతుందని బడిలో చెప్పారు. అలాగైతే ఎండాకాలంలో ఉంగరం వదులు కావాలి కదా? మా అమ్మీ ఉంగరం ఎండాకాలంలోనే బిగుసుకుపోతుంది. ఎందుకు?" అన్నాడు. ప్రశ్న చిన్నదే గాని, పెళ్లి ఉంగరాలు చేయించే ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసిన విషయం అందులో ఉన్నది.

బడిలో చెప్పినది నిజమే. అయితే ఆ సాగుదల ఎంతో లెక్క వేసి చూడాలి. లోపలి చుట్టుకొలత 54 మిల్లీమీటర్లు ఉన్న వెండి ఉంగరాన్ని తీసుకుందాం. మా జూలూరుపాడు ప్రాంతంలో జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీలకు, కొన్ని రోజులు అంతకంటే కిందికి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఈ 30 డిగ్రీల తేడాకు ఆ ఉంగరం సాగేది ఒక మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు మాత్రమే. బంగారం సాగేది ఇంకా తక్కువ. పైగా వేలికి ఉన్న ఉంగరం గాలి వేడిని కాక ఒంటి వేడిని అనుసరిస్తుంది కనుక ఆ కాస్త తేడా కూడా పూర్తిగా రాదు. వేలి సంగతి అలా కాదు. ఎండలో శరీరం వేడిని బయటికి పంపటానికి చర్మం కింది రక్తనాళాలు విప్పారుతాయి, చేతుల్లోకి రక్తం ఎక్కువగా చేరుతుంది, వేలి మొదటి కండ ఉబ్బుతుంది. చలిలో ఆ నాళాలే ముడుచుకుంటాయి, వేలు సన్నబడుతుంది. లోహం మార్పు వెంట్రుకవాసిలో ఉంటే, వేలి మార్పు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. అందుచేత ఉంగరం కొలత అంటే నిజానికి ఒక కొలత కాదు. చలి వేళ కొలత ఒకటి, ఎండ వేళ కొలత ఒకటి. ఆ రెంటికీ కుదిరే ఉంగరాన్ని ఎంచుకోవటమే అసలు పని.

విశ్వాసులైన మనకు ఈ విషయంలో అందం, సౌకర్యాలతో పాటు మరొకటి కూడా ముడిపడి ఉన్నది. వుజూలో చేతులు కడిగేటప్పుడు ఉంగరం కింది చర్మానికి నీరు చేరాలి. ఉంగరం వదులుగా ఉంటే దాన్ని కదిలించటం మంచిదని, నీరు చేరనంత బిగుతుగా ఉంటే కదిలించి లేక తీసి నీరు చేర్చటం తప్పనిసరి అని ఫికహ్ గ్రంథాలు చెబుతున్నాయి. జనవరిలో హాయిగా తిరిగిన ఉంగరం మే నెల జుహ్ర్ వేళకు కదలకుండా కూర్చుంటే, ఆ ఇల్లాలు రోజుకు ఐదుసార్లు దానితో కుస్తీ పట్టవలసి వస్తుంది.

మా బంధువుల ఇంట జరిగిన కొలత పనిని వివరిస్తే సంగతి సులభంగా బోధపడుతుంది. అమ్మాయి నికాహ్ మే నెలలో నిశ్చయమైనది. వరుని తరఫు వారు జనవరిలో వచ్చినప్పుడు, వరుని అక్క పొద్దున్నే అమ్మాయి ఉంగరపు వేలికి కుట్టు దారం చుట్టి, ముడి వేసి తీసుకుపోబోయింది. అదే దారాన్ని కొత్తగూడెంలోని కంసాలికి ఇచ్చి ఉంగరం చేయించాలని వారి ఆలోచన. మేము ఆ దారాన్ని విప్పించి స్కేలు మీద పరచి చూశాము. 51 మిల్లీమీటర్లు ఉన్నది. "బేటీ, ఈ దారం రేపు ఎంత ఉంటుందో దానికే తెలియదు. కాగితంతో కొలుద్దాం" అన్నాము.

దారంతో చిక్కు ఏమిటంటే, అది లాగితే సాగుతుంది, బిగిస్తే కండలోకి దిగుతుంది, ముడి వేస్తే ఆ ముడిలో కొంత కొలత పోతుంది. రబ్బరు, ఉన్ని, గాజుల కట్టకు చుట్టిన ప్లాస్టిక్ తీగ ఇంకా అన్యాయం. దళసరి తెల్ల కాగితాన్ని, చేయించబోయే ఉంగరం ఎంత వెడల్పు ఉంటుందో అంతే వెడల్పుతో సన్నని పట్టీగా కత్తిరించాలి. 4 మిల్లీమీటర్ల ఉంగరమైతే 4 మిల్లీమీటర్ల పట్టీ. దాన్ని వేలి మొదట చుట్టి, అటూ ఇటూ తిప్పితే జరిగేటంత బిగుతుగా పట్టుకొని, రెండు అంచులు కలిసే చోట సన్నని పెన్నుతో అడ్డగీత గీయాలి. పట్టీని స్కేలు మీద చాచి, కొన నుండి గీత వరకు కొలవాలి. స్కేలు చివర అరిగి ఉంటే సున్నా వద్ద మొదలుపెట్టక, 10 వద్ద మొదలుపెట్టి, తర్వాత 10 తీసివేయటం మంచిది. ఇలా మూడుసార్లు కొత్త పట్టీలతో కొలిచి, అర మిల్లీమీటరు తేడాలో కలిసిన కొలతనే నమ్మాలి.

మొదటి కొలత అయ్యాక అందరూ మరచిపోయే రెండవ కొలత ఒకటున్నది. అది వేలి మధ్య కణుపు కొలత. ఉంగరం నివసించేది వేలి మొదట, కాని ప్రతిసారీ దాటవలసిన గుమ్మం కణుపు. కణుపు ఎక్కువ భాగం ఎముక కనుక ఎండకు, చలికి అంతగా మారదు. మొదలు కండ కనుక అదే మారుతుంది. ఈ ఒక్క భేదం గుర్తుంటే ఉంగరం ఎంపికలో సగం చిక్కులు విడిపోతాయి.

ఆ అమ్మాయి వేలిని ఆ రోజే తిరిగి జుహ్ర్ తర్వాత కొలిపించాము. పొద్దున 51 ఉన్న వేలి మొదలు మధ్యాహ్నానికి 52న్నర అయినది. కణుపు 55న్నర. ఏప్రిల్‌లో ఒకనాటి మధ్యాహ్నం, వంట ముగించి కాసేపు విశ్రమించాక మరల కొలిస్తే మొదలు 54 అయినది, కణుపు మాత్రం అదే 55న్నర. అంటే చలికి, ఎండకు మధ్య ఆమె వేలు 3 మిల్లీమీటర్లు మారుతున్నది. మన షాపుల్లో సాధారణంగా వాడే సైజు అంకెల్లో ఒక్కొక్క అంకెకు చుట్టుకొలత సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. చుట్టుకొలత నుండి 40 తీసివేస్తే దాదాపుగా ఆ అంకె వస్తుంది. 54 అయితే 14వ సైజు, 51 అయితే 11వ సైజు. దారాన్ని నమ్మి 11వ సైజు చేయించి ఉంటే, మే నెలలో నికాహ్ నాడు అది కణుపు కూడా దాటేది కాదు. అయితే అన్ని షాపుల పట్టికలూ ఒకేలా ఉండవు, విదేశీ నగలు అమ్మే చోట అంకెలు పూర్తిగా వేరు. కనుక సైజు అంకెతో పాటు "లోపలి చుట్టుకొలత ఇన్ని మిల్లీమీటర్లు" అని కాగితం మీద రాసి ఇవ్వటం మేలు.

ఇక ఏ సైజు చేయించాలి? 54 చేయిస్తే ఎండలో వేలికి సరిగ్గా అంటుకొని ఉంటుంది, కాని వుజూ నీటికి సందు ఉండదు, కణుపు దాటటం కష్టం. 56 చేయిస్తే కణుపును అడ్డు లేకుండా దాటుతుంది, అలాగే ఎప్పుడైనా జారిపోతుంది. మేము 55 చెప్పాము. కణుపు మీది చర్మం కొంత నొక్కుకుంటుంది కనుక 55 ఉంగరం 55న్నర కణుపును కొద్దిగా తిప్పుతూ నెడితే దాటుతుంది. ఎండలో మొదటి దగ్గర ఒక మిల్లీమీటరు సందు మిగులుతుంది, నీరు చేరుతుంది. చలిలో 4 మిల్లీమీటర్ల వదులు వస్తుంది. వినటానికి ఎక్కువగా తోచినా, అది చుట్టుకొలతలోని వదులు. అడ్డంగా చూస్తే మిల్లీమీటరు, ఆపైన కొంచెం, అంతే. ఉంగరం వేలి మీద తిరుగుతుంది గాని కణుపు దాన్ని ఆపుతుంది, కింద పడదు.

తిరగటం వలన నష్టం ఉంగరం నమూనాను బట్టి ఉంటుంది. చుట్టూ ఒకేలా ఉన్న సాదా ఉంగరం ఎంత తిరిగినా చూసేవారికి తెలియదు. పైన పెద్ద రాయి, ఎత్తైన పువ్వు ఉన్న ఉంగరం చలికాలంలో బరువు పక్కకు ఒరిగి అరచేతి వైపు తిరుగుతుంది, పక్క వేలిని గీరుతుంది. వేలి మార్పు 2 మిల్లీమీటర్లు దాటే వారు సాదా ఉంగరమే చేయించుకోవటం ఉత్తమం. రాయి కావాలంటే అది తక్కువ ఎత్తులో, పట్టీలో ఒదిగి ఉండాలి. తప్పనిసరి అయితే ఉంగరం లోపల, అరచేతి వైపు రెండు చిన్న గుండ్లు అతికించమని కంసాలిని అడగవచ్చు. అవి కండకు ఆనుకొని ఉంగరాన్ని తిరగనివ్వవు, వాటి మధ్య నుండి నీరు పోతుంది. మన ఇళ్లలో వదులు ఉంగరానికి దారం చుట్టే అలవాటు ఉన్నది. అది నాలుగు రోజుల ఉపాయమే. తడిసిన దారం ఆరదు, సబ్బు అందులో నిలుస్తుంది, కింది చర్మం తెల్లగా నాని దురద పెడుతుంది. దారం కింద నీరు చేరిందో లేదో అనే సందేహం వేరు.

కాలి మెట్టె మాదిరి వెనుక చీలిక ఉన్న ఉంగరాలు కూడా వస్తున్నాయి. ఎండలో విప్పి, చలిలో నొక్కి వేసుకోవచ్చని అమ్మేవారు చెబుతారు. వెండి మెత్తన కనుక వంగుతుంది, కాని మాటిమాటికీ వంచితే ఒకే చోట గట్టిపడి, చివరకు పగులుతుంది. పత్తి ఏరే చేతులకు దాని చీలిక అంచు దూదిని, బట్టను పట్టుకుంటుంది. రోజూ ధరించే నికాహ్ ఉంగరానికి మేము దాన్ని సిఫారసు చేయము.

మగవారి ఉంగరం విషయంలో వెడల్పును గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మగవారికి బంగారం నిషిద్ధం, వెండి ఉంగరం అనుమతించబడినది. హనఫీ ధర్మవేత్తల వద్ద ఆ వెండి ఒక మిస్ఖాల్‌కు, అంటే సుమారు 4.37 గ్రాములకు తక్కువగా ఉండాలి. ఈ హద్దు తెలిసిన వారు కూడా అది ఎంత ఉంగరమో ఊహించలేకపోతున్నారు. చుట్టుకొలత 60 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు ఉన్న ఉంగరాన్ని అనుకోండి. వెడల్పు 4 మిల్లీమీటర్లు అయితే నూటికి 92న్నర పాళ్ల వెండితో దాని బరువు సుమారు 4 గ్రాములు. వెడల్పు 5 మిల్లీమీటర్లు చేస్తే 5 గ్రాములు, హద్దు దాటినది. యువకులు ఇష్టపడే 8 మిల్లీమీటర్ల వెడల్పాటి ఉంగరం ఆ మందంలో 8 గ్రాములకు తగ్గదు.

విచిత్రం ఏమంటే, ఎండకు ఎక్కువ బాధ పెట్టేదీ ఆ వెడల్పాటి ఉంగరమే. వెడల్పు పెరిగిన కొద్దీ ఉంగరం కింద ఎక్కువ కండ చిక్కుతుంది. ఉబ్బిన కండకు పక్కకు జరిగే చోటు ఉండదు. అదే చుట్టుకొలత గల 3 మిల్లీమీటర్ల ఉంగరం హాయిగా ఉన్న వేలికి 8 మిల్లీమీటర్లది బిగుతుగా తోస్తుంది. అందుకే పట్టీ వెడల్పుతోనే కాగితం కత్తిరించాలని పైన చెప్పాము. వెడల్పు ఉంగరం వేసుకునే స్త్రీలు సన్న కాగితంతో కొలిచి ఉంటే ఒక సైజు పెంచి చెప్పాలి. మగవారు 3, 4 మిల్లీమీటర్లతో సరిపెట్టుకుంటే బరువు హద్దూ దాటదు, ఎండా బాధించదు. లోపలి అంచులు కొద్దిగా గుండ్రంగా అరగదీసి ఉంటే అదే సైజు ఇంకా సులువుగా కణుపు దాటుతుంది. ఆ మాట కంసాలికి ముందే చెప్పాలి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చిటికెన వేలికి ఉంగరం ధరించినట్లు హదీసుల్లో ఉన్నది కనుక మనలో చాలామంది చిటికెన వేలికే ధరిస్తారు. ఆ వేలి కణుపు చిన్నది, చాలామందిలో మొదలుకు, కణుపుకు తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే గుమ్మం లేని గది. పైన చెప్పిన లెక్క ఈ వేలికి వర్తించదు. దీనికి ఎండ వేళ కొలతకు అర మిల్లీమీటరు మాత్రమే కలిపి ఆగాలి, ఎండలో కాస్త బిగుతును భరించి వుజూలో ఉంగరాన్ని తిప్పుకోవాలి. లేకపోతే చలికాలపు ఫజ్ర్ వుజూలో చల్లని నీటికి వేలు సన్నబడి, హౌజ్‌లో చేయి ముంచినప్పుడు ఉంగరం జారుతుంది. నీటిలో పడిన ఉంగరం దొరకటం ఎంత కష్టమో హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) కాలంలో అరీస్ బావిలో పడిన ప్రవక్త ఉంగరం వృత్తాంతం చెబుతుంది. బావి నీరు తోడించి మూడు రోజులు వెదికినా అది దొరకలేదు. అక్కడ ఉంగరం చేతిలో తిప్పుతుండగా పడినది, వదులు వలన కాదు. అయినా మా ఊరి బావుల దగ్గర ఆ కథ చెబితే అందరూ తమ వేళ్లను చూసుకుంటారు.

ఉంగరం చేతికి వచ్చాక సరిపోయిందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. పొద్దున చల్లని నీటితో చేతులు సబ్బు పెట్టి కడిగి, నేల మీద దుప్పటి పరచి, చేతిని కిందికి వేలాడదీసి నాలుగైదుసార్లు విదిలించాలి. ఉంగరం కణుపు దగ్గర ఆగితే మంచిదే. దాటి పడితే పెద్దది. మరల ఒక మధ్యాహ్నం అరగంట పొయ్యి దగ్గర పని చేశాక ఉంగరాన్ని బొటన వేలితో తిప్పి చూడాలి. చర్మం కూడా వెంట తిరిగితే, లేక ఉంగరానికి ఇరువైపులా కండ గట్టుకట్టి కనిపిస్తే చిన్నది. సాయంత్రం తీస్తే లోతైన ఎర్రని గీత మిగిలి, గంట సేపు పోకపోయినా చిన్నదే. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన ఉంగరమే మన వాతావరణానికి సరిపోతుంది.

కొలవకూడని వేళలు కూడా ఉన్నవి. జ్వరంలో, గర్భిణిగా ఉన్న చివరి నెలల్లో, పత్తి ఏరి వచ్చిన వెంటనే, ఉప్పు ఎక్కువైన విందు తిన్న రాత్రి వేలు తన సహజ కొలతలో ఉండదు. పెళ్లి రోజే అటువంటి రోజు. నిద్ర లేదు, ఎండ ఉన్నది, బిర్యానీ ఉన్నది. అందుకే నికాహ్ సభలో ఉంగరం కణుపు దగ్గర కొంచెం మొండికేస్తే సైజు తప్పని తొందరపడి కంసాలిని నిందించకూడదు. వారం ఆగి చూడాలి. అలాగే కుడి చేతి వేలు, ఎడమ చేతి వేలు ఒకటి కావు. ఎక్కువ పని చేసే చేయి సాధారణంగా కొంత లావుగా ఉంటుంది. ఏ చేతికి ధరిస్తారో ఆ చేతినే కొలవాలి.

వధువుకు తెలియకుండా పాత ఉంగరాన్ని స్కేలు మీద పెట్టి కొలిచేవారు ఉన్నారు. లోపలి అడ్డుకొలతను 3.14తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది, నిజమే. కాని అడ్డుకొలతలో కన్ను అర మిల్లీమీటరు పొరబడితే చుట్టుకొలతలో ఒకటిన్నర మిల్లీమీటరు తేడా వస్తుంది, అంటే ఒకటిన్నర సైజు. స్కేలుతో అంత సూక్ష్మంగా చూడటం కష్టం. ఆ ఉంగరాన్నే షాపుకు తీసుకుపోయి, అంకెలు చెక్కిన సైజు కర్రకు తొడిగించి చూపించటం దీనికంటే నయం. అది ఏ వేలికి ధరించేదో మాత్రం ముందుగా కనుక్కోవాలి.

ఎండలో ఉంగరం ఇరుక్కుపోతే లాగకూడదు. లాగితే కణుపు వాచి ఇంకా బిగుస్తుంది. చేతిని గుండె కంటే పైకి ఎత్తి కొన్ని నిమిషాలు ఉంచి, చల్లని నీటిలో ముంచి, నూనె లేక సబ్బు రాసి తిప్పుతూ తీయాలి. వేలు నీలిబారినా, తిమ్మిరెక్కినా, స్పర్శ తగ్గినా ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లి కత్తిరింపించాలి. వెండి, బంగారం సులువుగా తెగుతాయి, మరల అతుకుతాయి. ఇప్పుడు వస్తున్న టంగ్‌స్టన్ ఉంగరాలు కోతకు లొంగవు, వాటిని సాధనంతో నొక్కి పగులగొట్టవలసి వస్తుంది. వాటిని సైజు మార్చటం కూడా కుదరదు.

సాదా వెండి ఉంగరాన్ని ఒకటి రెండు సైజులు పెంచటం, తగ్గించటం కంసాలికి కష్టం కాదు. కోసి, ముక్క కలిపి లేక తీసి, కాల్చి అతుకుతాడు. అకీక్, ఫిరోజా పొదిగిన ఉంగరాలకు మాత్రం ముందుగా రాయిని తీయించాలి. కాల్చేటప్పుడు అకీక్ పగలవచ్చు, ఫిరోజా రంగు చెడుతుంది. "రాయి తీశాకే నిప్పు పెట్టండి" అని ఇచ్చేటప్పుడే చెప్పి, రాయిని విడిగా కళ్లతో చూశాక ఇంటికి రావాలి.